డైటీషియన్‌కు ముందుగా రాసే ఉత్తరం: ఏం రాయాలి, ఏ వరుసలో రాయాలి

నల్గొండలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మొదటిసారి వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను: రెండు రోజుల ముందు మీ గురించి ఒక ఉత్తరం రాసి వాట్సాప్‌లో పంపండి అని. వెంటనే వచ్చే ప్రశ్న, "ఏం రాయాలె మేడం?" కొందరు "షుగర్ ఉంది, బరువు తగ్గాలి, డైట్ చార్ట్ పంపండి" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఇంకొందరు పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టి నాలుగు పేజీలు రాస్తారు, అందులో పొద్దున ఏం తిన్నారో మాత్రం ఉండదు. ఈ ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా రాయాలో ఇక్కడ చెప్తున్నాను. ఉదాహరణకు షుగర్, థైరాయిడ్ ఉన్న ఒక బస్సు కండక్టరమ్మ ఉత్తరం తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

## 1. పెన్ను పట్టకముందు చేయాల్సింది

ఉత్తరం రాయడానికి అరగంట చాలు. దానికి ముందు మూడు రోజుల తయారీ కావాలి. గుర్తున్నంత వరకు రాస్తే మనం తిన్నది సగమే కాగితం మీదికి వస్తుంది. వంట చేస్తూ నోట్లో వేసుకున్న పల్లీలు, పిల్లలు వదిలేసిన అన్నం, పక్కింటివాళ్లు ఇచ్చిన అరిసె ఎవరికీ గుర్తుండవు.

అందుకే మూడు రోజులు తిన్న వెంటనే ఫోన్‌లో రాసుకోండి. అందులో రెండు పని రోజులు, ఒకటి సెలవు రోజు ఉండాలి. దావత్ ఉన్న రోజైతే ఇంకా మంచిది, దాన్ని తప్పించకండి. ఈ మూడు రోజులూ తిండి మార్చొద్దు. డైటీషియన్ చూస్తుందని రాత్రి అన్నం మానేసి రొట్టె తింటే, మీరు తినని తిండికి నేను ప్లాన్ వేయాల్సి వస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఇప్పుడు వాడుతున్న మందుల షీట్లన్నీ (పేరు, మిల్లీగ్రాములు కనిపించాలి)
- గత ఆరు నెలల రక్త పరీక్షల రిపోర్టులు
- పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకున్న బరువు
- టేపుతో బొడ్డు దగ్గర తీసుకున్న నడుము కొలత
- ఇంట్లో బియ్యం కొలిచే గ్లాసు లేదా డబ్బా

గ్లాసు ఎందుకంటే, నల్గొండలో ఒకరి గ్లాసు ఇంకొకరి గ్లాసుకు సరిపోదు. ఒకసారి ఆ గ్లాసు నిండా బియ్యం పోసి కిరాణా కొట్టులో తూకం వేయించండి. ఇక ఎప్పుడు గ్లాసు లెక్క చెప్పినా నాకు గ్రాముల్లో అర్థమవుతుంది.

## 2. మొదటి పేరా: నాలుగైదు చిన్న వాక్యాలు

వయసు, ఎత్తు, బరువు, పని, ఇంట్లో ఎంతమంది, వంట ఎవరు చేస్తారు, ఇప్పుడు ఎందుకు వస్తున్నారు. అంతే. వంట ఎవరు చేస్తారన్నది చాలామంది వదిలేస్తారు. వండేది అత్తమ్మ అయితే ఆమెకు చెప్పాల్సిన మాట వేరు, హోటల్లో తినేవాళ్లకు చెప్పాల్సింది వేరు.

## 3. ఆరోగ్య చరిత్ర: జబ్బు, మందు, టైమ్

ప్రతి జబ్బుకూ ఒక లైను రాయండి: ఎప్పటి నుంచి, ఏ మందు, ఎంత, ఏ టైమ్‌కు, తినకముందా తిన్నాకా. "షుగర్ గోళీ వేసుకుంటున్న" అంటే నాకు ఏమీ తెలియదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటి మందు వేసుకుని తిండి ఆలస్యం చేస్తే పడిపోతుంది. రెంటినీ "షుగర్ గోళీ" అనే అంటాం కదా. థైరాయిడ్ గోళీని పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట దాకా టీ కూడా తాగకూడదు. క్యాల్షియం, ఐరన్ గోళీలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవి సరిగ్గా జరుగుతున్నాయో లేదో టైమ్ రాస్తేనే తెలుస్తుంది.

రిపోర్టుల్లో అంకెతోపాటు తేదీ కూడా రాయండి. మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది. ఏడాది కిందటి అంకెతో ఇప్పుడు పని లేదు. క్రియాటినిన్ రిపోర్టు ఉంటే తప్పక పెట్టండి. కిడ్నీ బాగుందో లేదో తెలియకుండా పప్పు, గుడ్లు, మాంసం ఎంత పెంచొచ్చో చెప్పలేను.

డాక్టరు రాయని మందులు కూడా రాయాలి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోళీలు, ఊళ్లో ఆర్‌ఎంపీ వేసే సూదులు, ఎవరో ఇచ్చిన చూర్ణం, పసరు. నొప్పి గోళీలు ఏళ్ల తరబడి వాడితే కిడ్నీ మీద పడుతుంది. డాక్టరు దగ్గర ఈ మాట దాచేవాళ్లు నాకు కూడా చెప్పరు, కానీ ఉత్తరంలో రాసేస్తారు. ఎదురుగా కూర్చుని చెప్పడం కంటే రాయడం తేలిక అనుకుంటా.

నీళ్ల గురించి ఒక లైను చాలు. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి బోరు నీళ్లు తాగినవాళ్లయితే ఆ సంగతి రాయండి. ఫ్లోరైడ్ వల్ల వచ్చే కీళ్ల బిగుతు ఉంటే రోజూ గంట నడవమని నేను రాసే సలహా పనికిరాదు.

## 4. తిండి: అసలు కష్టం ఇక్కడే

ఈ భాగానికి ఉత్తరంలో సగం చోటు ఇవ్వండి. ఇక్కడ తప్పు పోవడానికి మూడు దారులున్నాయి.

మొదటిది కొలత. "కొంచెం అన్నం", "రెండు రొట్టెలు" అంటారు. జొన్నరొట్టె ఒక ఇంట్లో పల్చగా పళ్లెమంత ఉంటుంది, ఇంకో ఇంట్లో చిన్నగా మందంగా ఉంటుంది. ఒక రొట్టెకు పట్టే పిండిని ఒక్కసారి తూకం వేస్తే సరిపోతుంది. అన్నానికైతే, మీరు రోజూ పెట్టుకున్నట్టే పెట్టుకున్న పళ్లెం ఫొటో పక్కన ఒక స్పూను పెట్టి తీయండి. స్పూను ఉంటే సైజు తెలుస్తుంది. 100 గ్రాముల బియ్యం వండితే దాదాపు 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది కాబట్టి, బియ్యం లెక్క చెప్పినా అన్నం లెక్క చెప్పినా ఫర్వాలేదు. ఏది చెప్తున్నారో మాత్రం రాయండి.

రెండోది, చేతికి అందని లెక్కలు: నూనె, చక్కెర, ఉప్పు. పూటకు ఎన్ని చెంచాల నూనె అని అడిగితే ఎవరూ చెప్పలేరు, చెప్పినా తప్పే. నెలకు ఇంట్లోకి ఎంత వస్తుందో అడిగితే మాత్రం టక్కున చెప్తారు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల పల్లి నూనె అయిపోతే, 4000 మిల్లీలీటర్లను నాలుగుతో, మళ్లీ 30తో భాగించండి. మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే టీ చెంచాలతో ఆరు దాటింది. ఉప్పు కూడా ఇలాగే. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, ఆ లెక్కన నలుగురికి నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరగకముందే అయిపోతే అది రాయండి. ఏడాదికి పెట్టుకునే మామిడికాయ తొక్కులో ఉప్పు దీనికి అదనం.

మూడోది, తిండి అని మనం అనుకోనివి. టీ, బత్తాయి రసం, మజ్జిగ, కల్లు. రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అయితే పది చెంచాలు, దాదాపు 40, 50 గ్రాములు. మన దగ్గర బత్తాయి తోటలు ఎక్కువ కాబట్టి "ఇంటి కాయే కదా" అని నాలుగు కాయలు పిండి తాగుతారు. కాయ తినడం వేరు, నాలుగు కాయల రసం ఒక్క గుక్కలో తాగడం వేరు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు సీతాఫలాల సీజన్‌లో రోజుకు ఎన్ని తింటారో రాయాలి. కల్లు తాగితే ఎన్ని సీసాలు, వారానికి ఎన్నిసార్లు, ఖాళీ కడుపుతోనా అన్నది రాయండి. ఇది మీ గుణం గురించి అడిగే ప్రశ్న కాదు. షుగర్ గోళీ వేసుకుని ఏమీ తినకుండా మందు గానీ కల్లు గానీ తాగితే షుగర్ పడిపోవచ్చు, అందుకే కావాలి.

ఇవి కూడా రాయండి:

- వారంలో ఒక్కపొద్దు ఉండే రోజులు, ఆ రోజు గోళీలు ఏం చేస్తారు
- నీసు తినే రోజులు, తినని నెలలు
- పడనివి (పాలు తాగితే గ్యాస్, వంకాయ తింటే దురద, ఇలాంటివి)
- ఏం చెప్పినా మానలేనివి

చివరిది సిగ్గుపడకుండా రాయండి. బతుకమ్మ పండుగకు సత్తుపిండి, మలీద తినకుండా ఉండలేనంటే దానికి చోటు పెట్టి ప్లాన్ వేయొచ్చు. తినను అని రాసి తొమ్మిది రోజులు తింటే ప్లాన్ అక్కడే ఆగిపోతుంది.

## 5. దినచర్య: మందూ తిండీ ఒకే పట్టీలో

చాలా ఉత్తరాల్లో మందులు ఒక చోట, తిండి ఒక చోట, పని ఇంకో చోట ఉంటాయి. మూడింటినీ గంటల వరుసలో ఒకే పట్టీగా రాయండి. సమస్య ఎక్కడుందో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

షిఫ్టులు మారే పని అయితే ప్రతి షిఫ్టుకూ ఒక పట్టీ కావాలి. వ్యవసాయం చేసేవాళ్లు నాట్లు, పత్తి ఏరే రోజులకు ఒకటి, పని లేని నెలలకు ఒకటి రాయండి. పొలంలో ఎనిమిది గంటలు వంగి చేసే రోజు తిండి, ఇంట్లో టీవీ ముందు కూర్చునే రోజు తిండి ఒకటి కాదు.

## 6. లక్ష్యం: అంకె, గడువు, అడ్డంకి

"సన్నబడాలి" అని రాయొద్దు. మీకు ఏది ముఖ్యమో ఒకటి లేదా రెండు రాయండి. బరువు అయితే ఎన్ని కిలోలు, ఎన్ని నెలల్లో. నెలకు రెండు నుంచి మూడు కిలోలు అనుకోవచ్చు. "పెళ్లి 20 రోజుల్లో ఉంది, పది కిలోలు తగ్గాలి" అని రాస్తే నేను కుదరదనే చెప్తాను.

లక్ష్యం పక్కనే అడ్డంకి కూడా రాయండి. నెలకు తిండి మీద అదనంగా ఎంత ఖర్చు పెట్టగలరు, పొద్దున వంటకు ఎంత టైమ్ ఉంది, ఇంట్లో మీకు వేరుగా వండుకునే వీలుందా. బాదం, ఓట్స్ రాసిచ్చి పంపితే వారం తిని మానేస్తారని నాకు తెలుసు. ఇంట్లో ఉన్న జొన్నలు, పెసర్లు, శనిగలతోనే పని జరగాలంటే ఆ సంగతి ముందే చెప్పండి.

## 7. ఒక ఉత్తరం మొత్తంగా

> మేడం గారికి నమస్కారం.
>
> నా వయసు 44. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము 94 సెంటీమీటర్లు. బస్సు కండక్టర్‌గా చేస్తున్నాను. ఇంట్లో నలుగురం, పొద్దున వంట అత్తమ్మ, రాత్రి వంట నేను. గోళీలు పెంచినా షుగర్ తగ్గడం లేదు, అందుకే మీ దగ్గరికి వస్తున్నాను.
>
> షుగర్ ఆరేళ్ల నుంచి. మెట్‌ఫార్మిన్ 500, గ్లిమెపిరైడ్ 2 కలిపిన గోళీ పొద్దున ఒకటి. రాత్రి తిన్నాక మెట్‌ఫార్మిన్ 500 ఒకటి. థైరాయిడ్ మూడేళ్ల నుంచి, 50 గోళీ పొద్దున. బీపీ లేదు. మోకాళ్ల నొప్పికి వారంలో రెండు మూడుసార్లు మెడికల్ షాపు గోళీ వేసుకుంటాను, షీటు ఫొటో పెట్టాను. మా అమ్మకు షుగర్ ఉండేది.
>
> పోయిన నెల రిపోర్టు: హెచ్‌బీఏ1సీ 8.4, తినకముందు 142, తిన్నాక 236, క్రియాటినిన్ 0.8, టీఎస్‌హెచ్ 6.1.
>
> పొద్దున డ్యూటీ రోజు: 4 గంటలకు లేస్తాను. 4:15కు థైరాయిడ్ గోళీ, వెంటనే టీ. 4:30కి షుగర్ గోళీ వేసుకుని డిపోకు వెళ్తాను. 5:15కు బస్సు తీస్తారు. 9 గంటలకు టిఫిన్: నాలుగు ఇడ్లీలు లేదా పూరీ. వారంలో రెండు మూడుసార్లు 8 గంటలప్పుడు చేతులు వణికి చెమటలు పడతాయి, అప్పుడు బిస్కెట్లు గానీ కూల్‌డ్రింక్ గానీ తీసుకుంటాను. నీరసం అనుకుంటున్నాను. 2:30కు ఇంట్లో అన్నం, పప్పు, తొక్కు. ఆకలి మీద ఎక్కువ తింటాను, ఫొటో పెట్టాను. 3:30 నుంచి 5 దాకా నిద్ర. టీ, గుడాలు లేదా మురుకులు. 9 గంటలకు రెండు జొన్నరొట్టెలు (ఒక్కోదానికి 60 గ్రాముల పిండి), కూర. మళ్లీ కొంచెం పెరుగన్నం.
>
> మధ్యాహ్నం డ్యూటీ రోజు: 6:30కు లేస్తాను. గోళీలు 7 గంటలకు, టిఫిన్ 8 గంటలకు. 12 గంటలకు అన్నం తిని వెళ్తాను. రాత్రి 10:30కు వచ్చి అన్నం తిని పడుకుంటాను. ఈ రోజుల్లో వణుకు రాదు.
>
> బస్సులో నీళ్లు చాలా తక్కువ తాగుతాను, దారిలో బాత్రూమ్ కుదరదు. టీలు రోజుకు నాలుగు, చక్కెరతో. నూనె నెలకు నాలుగు లీటర్లు. శనివారం ఒక్కపొద్దు, ఆ రోజు కూడా గోళీ వేసుకుంటాను. ఆదివారం చికెన్. కల్లు పండుగలకే.
>
> ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గాలి, మూడు నెలల షుగర్ 7 దగ్గరికి రావాలి. రాత్రి పెరుగన్నం మానలేను. పొద్దున 4 గంటలకు వండుకునే ఓపిక లేదు. అదనంగా నెలకు 800 రూపాయల దాకా ఖర్చు పెట్టగలను.

ఈ ఉత్తరం చదవగానే నా చూపు ఆగింది పొద్దున డ్యూటీ పట్టీ మీద. గ్లిమెపిరైడ్ ఉన్న గోళీ 4:30కి, తిండి 9 గంటలకు. మధ్యలో నాలుగున్నర గంటలు. 8 గంటలప్పుడు వచ్చే వణుకు, చెమట ఉత్త నీరసం కాకపోవచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు. గోళీ వేసుకున్న గంటకే టిఫిన్ తినే మధ్యాహ్నం డ్యూటీ రోజుల్లో వణుకు రాదని ఆమె రాసిన చిన్న వాక్యం ఆ అనుమానాన్ని గట్టి చేసింది. వణుకు తగ్గడానికి కూల్‌డ్రింక్, ఆ తర్వాత ఆకలి మీద ఎక్కువ అన్నం, దాంతో తిన్నాక 236. గోళీ పెంచుతూ పోతే ఈ చక్రం ఇంకా ముదురుతుంది. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 6.1 అంటే ఎక్కువే, దానికి థైరాయిడ్ గోళీ మీద వెంటనే టీ తాగడం ఒక కారణం కావచ్చు.

ఇక్కడ నా హద్దు కూడా చెప్పాలి. గోళీ టైమ్ మార్చడం, మోతాదు తగ్గించడం డాక్టరు పని. వణుకు వచ్చినప్పుడు గ్లూకోమీటర్‌తో చూసి, 70 కంటే తక్కువ ఉంటే రాసిపెట్టుకుని, ఈ పట్టీతో సహా డాక్టరుకు చూపించమని పంపాను. శనివారం ఒక్కపొద్దు, నొప్పి గోళీల సంగతి కూడా అక్కడే అడగమన్నాను. తిండి వైపు నుంచి నేను చేయగలిగింది, రాత్రే ఉడకబెట్టి ఫ్లాస్క్‌లో పోసుకునే జొన్న అంబలి, ఒక ఉడికిన గుడ్డు. 4 గంటలకు వండనక్కరలేదు, గోళీ వేసుకున్నాక తినడానికి చేతిలో ఉంటుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

మంచి రోజును రాయడం. మూడు రోజుల లెక్కలో చిరుతిండి ఒక్కసారి కూడా లేకపోతే నాకు అనుమానం వస్తుంది. పిల్లలనో భర్తనో చదవమనండి, "మొన్న మిర్చీ బజ్జీలు తిన్నావు కదా" అని వాళ్లే చెప్తారు.

"మానేశాను" అనడం. "చక్కెర మానేశాను" అంటారు, బెల్లం టీ తాగుతుంటారు. బెల్లం కూడా షుగర్‌ను పెంచుతుంది. మానేసినదానికి బదులు ఏం తీసుకుంటున్నారో రాయండి.

పాత ప్లాన్లు దాచడం. ఇంతకు ముందు యూట్యూబ్ చూసి అన్నం పూర్తిగా మానేసి ఉంటే, ఎన్ని రోజులు ఉన్నారు, ఎందుకు ఆపారు అన్నది రాయండి. మలబద్ధకం వల్లనా, ఇంట్లో గొడవ వల్లనా అన్నది తెలిస్తే మళ్లీ అదే రాసివ్వను.

రిపోర్టు ఫొటో మసకగా ఉండటం. వెలుతురులో, కాగితం నాలుగు మూలలూ కనిపించేలా తీయండి. ముఖ్యమైన అంకెలు ఉత్తరంలో కూడా రాయండి.

## 9. పంపే ముందు

- ప్రతి మందు పక్కన టైమ్ ఉందా
- ప్రతి రిపోర్టు పక్కన తేదీ ఉందా
- గ్లాసు బరువు, రొట్టె పిండి బరువు రాశారా
- నూనె, చక్కెర, ఉప్పు నెల లెక్క ఉందా
- ప్రతి షిఫ్టుకూ వేరే పట్టీ ఉందా
- మానలేనివి రాశారా
- ఉత్తరం రెండు పేజీలు దాటలేదు కదా

వాయిస్ మెసేజ్ వద్దు. ఆరు నిమిషాల మాటల్లో గోళీ పేరు ఎక్కడుందో వెతకడం కష్టం. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో రాయించండి, ఒక కాపీ మీ దగ్గరా పెట్టుకోండి.

గర్భంతో ఉన్నా, కాళ్లు ముఖం వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ప్రయత్నించకుండానే బరువు వేగంగా తగ్గుతున్నా ఈ ఉత్తరంతో ఆగొద్దు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వణుకు, చెమట వచ్చి గ్లూకోమీటర్ 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి తాగండి. ఆ రోజు తేదీ, టైమ్, అంకె, ఎప్పుడు ఏం తిన్నారో ఉత్తరం చివర రాసి పంపండి, అదే రోజు డాక్టరుకూ చెప్పండి.